‘ఊరుకుంటాడా మరి?’ – తెలుగులో సర్వే ప్రశ్న, దాని కొలబద్ద



ఎవరి స్మృతిలో ఈ సాయంత్రం ఇక్కడ కూడామో ఆయన జీవితమంతా సర్వే బృందాల వెంట ఊళ్లు తిరిగారు. ఇన్వెస్టిగేటర్లు నింపిన ప్రశ్నపత్రాలను రాత్రిపూట లాడ్జి గదిలో ఒక్కొక్కటిగా తిరగేసి చూడడం ఆయన పని. జవాబిచ్చిన మనిషి పేరు బయటపెట్టకూడదన్నది మా వృత్తిలో మొదటి నియమం. తన విషయంలోనూ అదే పాటించమని ఆయన ఇంట్లోవాళ్లకు చెప్పి వెళ్లారట. వారి కోరిక ప్రకారం ఈ ప్రసంగంలో గానీ దీని అచ్చుప్రతిలో గానీ ఆయన పేరు ఉండదు. ఆయన పెన్సిల్ రాతలు కొన్ని నా దగ్గర ఉన్నాయి. వాటి సంగతి చివర్లో చెబుతాను.

నేను ప్రతిపాదించదలచుకున్న విషయం ఒక్కటే. సర్వే ప్రశ్నను తెలుగులోకి తెచ్చేటప్పుడు మనం వాక్యం ఒక్కదాన్నే తేవడం లేదు, దానితోపాటు ఒక కొలతను కూడా తెస్తున్నాం. వాక్యం సరిగ్గా వచ్చినా కొలత జారిపోవచ్చు. అలా జారిన సంగతి అనువాదంలో కనబడదు, పట్టికలో కనబడదు. జవాబు చెప్పిన మనిషి నోటి మాటలో మాత్రమే కనబడుతుంది.

ఈ దేశంలో పెద్ద ఎత్తున మనుషుల్ని అడిగి లెక్క కట్టే పని కొత్తది కాదు. మహలనోబిస్ చొరవతో జాతీయ నమూనా సర్వే మొదటి రౌండు 1950 అక్టోబరులో మొదలైంది. రజనీ కొఠారీ 1963లో ఢిల్లీలో స్థాపించిన సీఎస్‌డీఎస్ 1967 నుంచి ఓటర్ల అభిప్రాయాలను సేకరించింది. భూమి ఎంత, బియ్యానికి ఎంత ఖర్చు అని అడిగినంత కాలం భాష సమస్య కొంత తేలికగానే ఉండేది. ఎకరాలూ గుంటలూ, శేర్లూ కిలోలూ మార్చుకుంటే సరిపోయేది. అభిప్రాయాన్ని, బాధను, తృప్తిని అడగడం మొదలుపెట్టాక కొలిచే పరికరం మాట ఒక్కటే అయింది. ఆ మాట ఢిల్లీలో ఇంగ్లిష్‌లో పుట్టి, చాలాసార్లు హిందీ మీదుగా నడిచి, తెలుగు పల్లెకు చేరుతుంది.

ఈ ఇబ్బందిని ముందే గుర్తించి, దానికొక పద్ధతి కనిపెట్టిన ప్రయత్నంలో మన ఢిల్లీకీ భాగం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990ల తొలి సంవత్సరాల్లో జీవన నాణ్యతను కొలిచే ప్రశ్నావళిని తలపెట్టింది. ఒకచోట తయారుచేసి అందరికీ పంపడం కాకుండా 15 కేంద్రాల్లో ఏకకాలంలో తయారుచేయించింది. మన దేశం నుంచి అందులో న్యూ ఢిల్లీ, మద్రాసు ఉన్నాయి. ఎయిమ్స్‌లో శేఖర్ సక్సేనా బృందం చేసిన హిందీ రూపం గురించి 1998లో వ్యాసం వచ్చింది. ఆ పద్ధతిలో నన్ను అన్నిటికన్నా ఆకర్షించింది జవాబుల మెట్లను ఎంచుకున్న తీరు. ‘కొంచెం’, ‘ఒక మోస్తరు’, ‘చాలా’ అనే మెట్లను నిఘంటువు చూసి రాయలేదు. పది సెంటీమీటర్ల గీత ఒకటి గీశారు. ఎడమ కొసన ‘అసలు లేదు’ వంటి మాట, కుడి కొసన ‘పూర్తిగా’ వంటి మాట పెట్టారు. ఆ రెంటికీ మధ్య వాడదగిన స్థానిక మాటలను పదిహేను దాకా పోగుచేసి, కనీసం ఇరవై మంది మామూలు మనుషులను పిలిచి, ఒక్కో మాట ఆ గీత మీద ఎక్కడ పడుతుందో గుర్తు పెట్టమన్నారు. ఆ గుర్తుల సగటు 20, 30 మిల్లీమీటర్ల మధ్య పడిన మాట పావు మెట్టుకు తగినది. 45, 55 మధ్య పడినది సగానికి, 70, 80 మధ్య పడినది ముప్పావుకు. ఇలా అడుగడుగునా కొలిచి ఏర్చిన హిందీ మాటా, జపనీస్ మాటా ఒకదానికొకటి అనువాదాలు కాకపోవచ్చు. అయినా గీత మీద రెండూ ఒకే చోట నిలబడతాయి.

ఈ గీతను తెలుగు ముందు పెట్టి చూద్దాం. మధ్య మెట్టుకు మనకు వెంటనే తోచే మాట ‘పరవాలేదు’. అల్లుడు ఎలా ఉన్నాడంటే పరవాలేదు, జ్వరం ఎలా ఉందంటే పరవాలేదు, పంట ఎలా ఉందంటే పరవాలేదు. మొదటిదాంట్లో పొదుపైన మెప్పు ఉంది. రెండోదాంట్లో తగ్గుముఖం పట్టిందన్న ఊరట ఉంది. మూడోదాంట్లో నష్టం రాలేదన్న నిట్టూర్పు ఉంది. ఒకరు ఈ మాటను 45 దగ్గర, ఇంకొకరు 70 దగ్గర గుర్తు పెట్టారనుకుందాం. సగటు 57 దగ్గర తేలుతుంది. అది సగం మెట్టులోకీ రాదు, ముప్పావు మెట్టులోకీ రాదు. అంతకన్నా ముఖ్యం, ఆ సగటు ఎవరి మాటా కాదు. అందుకే సగటుతోపాటు గుర్తులు ఎంత చెల్లాచెదురుగా పడ్డాయో కూడా చూడాలి. సగటు సరైన చోట పడినా గుర్తులు గీతంతా పరుచుకుంటే ఆ మాటను వదిలేయాల్సిందే.

ఇంతకన్నా లోతైన చిక్కు ‘ఎప్పుడూ’ అన్న మాటలో ఉంది. ‘ఎప్పుడూ వస్తాడు’ అంటే ప్రతిసారీ వస్తాడని. ‘ఎప్పుడూ రాడు’ అంటే ఒక్కసారి కూడా రాడని. అర్థాన్ని మోసేది క్రియ, ‘ఎప్పుడూ’ దానికి వంత పాడుతుంది. కాని జవాబుల మెట్లలో క్రియ ఉండదు. ‘ఎప్పుడూ, తరచుగా, అప్పుడప్పుడు, ఎప్పుడూ లేదు’ అని కార్డు మీద అచ్చు వేస్తే, కొలబద్ద రెండు కొసలూ ఒకే మాటతో మొదలవుతాయి. చదువుకునేవాడు సర్దుకుంటాడు. చెవితో వినే మనిషి, అందులోనూ ఫోన్ మీద వినే మనిషి, ‘ఎప్పుడూ’ దగ్గరే ఆగి ‘ఆఁ, అదే’ అంటే ఏ కొసన గీటు పెట్టాలి? హిందీలో ఒక కొస ‘హమేశా’, మరో కొస ‘కభీ నహీ’. చెవికి తేడా స్పష్టం. కాబట్టి హిందీ ప్రతిని ఎదురుగా పెట్టుకుని ఢిల్లీలో పనిచేసే తెలుగు అనువాదకుడికి ఈ గొయ్యి కనబడదు. ‘ఎల్లప్పుడూ’ అని రాస్తే గొయ్యి పూడుతుంది గాని, అది దేవుడి మీది పద్యంలో వినిపించే మాట. నా అనుభవంలో ‘ప్రతిసారీ’, ‘రోజూ’, ‘ఒక్కసారి కూడా లేదు’ వంటి మాటలు నిలబడ్డాయి. ప్రశ్న దేని గురించో దాన్నిబట్టి కొసలు మార్చుకోవాలి. అన్ని ప్రశ్నలకూ పనికొచ్చే ఒకే కార్డు తెలుగులో కుదరదని నా అభిప్రాయం.

ఇక ఈ ఉపన్యాసానికి కేంద్రమైన సంగతికి వస్తాను.

2019–21 మధ్య జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఫలితాలు వచ్చినప్పుడు ఒక అంకె ఢిల్లీ పత్రికల్లో శీర్షికలకెక్కింది. భార్యను భర్త కొట్టడం ఫలానా సందర్భాల్లో సమర్థనీయమేనా అని ఏడు సందర్భాలు చెప్పి అడిగారు. చెప్పకుండా బయటికి వెళ్లడం, ఇంటినో పిల్లలనో పట్టించుకోకపోవడం, ఎదురు మాట్లాడడం, పడకకు ఒప్పుకోకపోవడం, వంట సరిగ్గా చేయకపోవడం, ఆమె మీద అనుమానం, అత్తమామలను గౌరవించకపోవడం. వీటిలో ఏ ఒక్కదానికి ‘అవును’ అన్నా లెక్కలోకి వస్తారు. అలా తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ దాదాపు 84 శాతం స్త్రీలు లెక్కలోకి వచ్చారు. హిమాచల్ ప్రదేశ్‌లో 15 శాతం. తెలంగాణ పురుషుల్లో ఆ అంకె 70 దగ్గర ఉంది. అంటే కొట్టే పక్షం కన్నా దెబ్బలు తినే పక్షమే ఎక్కువగా సమర్థించిందన్నమాట. తెలుగు ఆడవాళ్లకు ఏమైందని నన్ను ఇక్కడి మిత్రులు చాలామంది అడిగారు.

వారికి జవాబు చెప్పే ముందు ఆ ఇంగ్లిష్ ప్రశ్న తెలుగు గుమ్మంలోకి అడుగుపెట్టేటప్పుడు దాని ముందు ఏయే మాటలు నిలబడతాయో చూడాలి. అందులోని ‘జస్టిఫైడ్’ అనే మాటకు నిఘంటువు ‘సమర్థనీయం’, ‘సమంజసం’ అంటుంది. రెండూ సంపాదకీయాల మాటలు. నాట్లు వేసి వచ్చిన మనిషి దగ్గర ‘సమంజసమేనా’ అంటే ఇన్వెస్టిగేటర్ అక్కడికక్కడే దాన్ని సొంత మాటల్లో విడమరుస్తుంది. ఆ విడమరిచే పని వంద మంది ఇన్వెస్టిగేటర్లు వంద రకాలుగా చేస్తారు. ‘న్యాయమేనా’ అనవచ్చు. కాని తెలుగులో ‘ఇది నీకు న్యాయమేనా’ అనేది నిలదీత, అందులో ‘కాదు’ అన్న జవాబు ముందే ఉంది. విడమరిచేటప్పుడు అందరి నోటా తేలికగా వచ్చేది ‘కొట్టొచ్చా?’ అనే మాట. ఇక్కడే మన వ్యాకరణం ఒక మెలిక పెడుతుంది. తెలుగులో ‘వచ్చు’ రెండు పనులు చేస్తుంది. ‘నువ్వు వెళ్లొచ్చు’ అంటే అనుమతి. ‘వాన రావచ్చు’ అంటే సంభావ్యత. ‘చెప్పకుండా బయటికెళ్తే మొగుడు కొట్టొచ్చా?’ అన్న ప్రశ్నలో అడిగినవాళ్లు అనుమతిని తలచుకుంటారు. విన్నావిడ జరగబోయేదాన్ని తలచుకుంటుంది.

చాలా ఏళ్ల కిందట నల్లగొండ జిల్లాలో ఒక ముందస్తు పరీక్షలో నేను కూర్చున్నాను. ఇదే తరహా ప్రశ్న. ఎదురుగా నలభై దాటిన ఒకావిడ చింతపండు గింజలు తీస్తోంది. ఇన్వెస్టిగేటర్ అడిగింది, ‘చెప్పకుండ పోతే మొగుడు కొట్టొచ్చా అక్కా?’ ఆవిడ తలెత్తకుండానే, ‘ఊరుకుంటాడా మరి?’ అంది. ఇన్వెస్టిగేటర్ ‘అవును’ దగ్గర గీటు పెట్టి తర్వాతి సందర్భానికి వెళ్లబోయింది. నేను ఆపి అడిగాను, ‘అట్ల కొట్టుడు తప్పా, తప్పు కాదా అమ్మా?’ ఆవిడ చేతిలో గింజ పక్కన పెట్టి నావైపు చూసింది. ‘తప్పే. తప్పని ఎవరితోటి చెప్పుకోవాలె?’

ఆ గీటు ఏమి కొలిచింది? భర్త ఏం చేస్తాడో ఆమెకున్న అనుభవాన్ని కొలిచింది. పట్టికలో అది ఆమె సమ్మతిగా చేరింది. దెబ్బల సంగతి ఎక్కువ తెలిసిన మనిషే ఎక్కువగా ‘అవును’ అంటుందని, కాబట్టి స్త్రీల అంకె పురుషుల అంకెను దాటవచ్చని ఈ దారిలో ఆలోచిస్తే అర్థమవుతుంది. ఇది మన భాష ఒక్కదాని లోపమే కాదు. బంగ్లాదేశ్ పల్లెల్లో ఇదే ప్రశ్న మీద షూలర్, లెంజి, యౌంట్ 2011లో ప్రచురించిన పరిశోధనలోనూ స్త్రీలు తమ అభిప్రాయాన్ని, ఊరి రివాజును కలిపి జవాబు చెబుతున్నారని తేలింది. పైగా ‘ఊరికే వెళ్లిందా, అవసరానికి వెళ్లిందా’ అంటూ ప్రశ్నలో లేని వివరాలను వారే ఊహించుకుని జవాబు చెబుతున్నారని కూడా తేలింది.

ఆసక్తికరమైన విషయమేమిటంటే, భర్తలు ఏం చేస్తారన్న ఈ రెండో ప్రశ్నను విడిగా, ఉద్దేశపూర్వకంగా అడిగిన సర్వే కూడా ఉంది. ఢిల్లీలోని ఎన్‌సీఏఈఆర్, అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయం కలిసి 2004–05లోనూ 2011–12లోనూ చేసిన భారత మానవాభివృద్ధి సర్వేలో స్త్రీలను అడిగారు, మీ సమూహంలో ఫలానా సందర్భంలో భర్తలు భార్యలను కొట్టడం మామూలేనా అని. ఆమె ఇంటి సంగతి అడగలేదు, ఆమె అభిప్రాయమూ అడగలేదు. ఎవరినీ ఇరుకున పెట్టకుండా నిజానికి దగ్గరగా వెళ్లే దారి అది. ఇంగ్లిష్‌లో ఈ రెండు ప్రశ్నలూ రెండు వేర్వేరు గదులు. తెలుగులో ‘కొట్టొచ్చా’, ‘కొడతారా’ అన్న దగ్గర రెండు గదుల మధ్య గోడ పలచబడుతుంది. రెండు సర్వేల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చే పరిశోధకుడు ఈ గోడ సంగతి తెలుసుకోవాలి.

ఇక్కడ నేను నా వాదనకు హద్దు గీసుకోవాలి. ఆ అయిదో కుటుంబ ఆరోగ్య సర్వేలోనే కన్నడం మాట్లాడే కర్ణాటకలో 77 శాతం, కేరళలో 52 శాతం స్త్రీలు ‘అవును’ అన్నారు. అంకె దక్షిణాదిన విస్తారంగానే ఎక్కువ. కాబట్టి 84 అంతా ‘వచ్చు’ అనే ప్రత్యయం మీదికి నెట్టేస్తే అది మరో రకం అబద్ధం అవుతుంది. మన ఇళ్లలో హింస ఉంది, దాన్ని సమర్థించేవారూ ఉన్నారు. ఎంత భాగం సమాజానిది, ఎంత భాగం వాక్యానిది అన్నదే నా ప్రశ్న. దానికి జవాబు వాదన వల్ల రాదు, పరీక్ష వల్ల వస్తుంది.

ఆ పరీక్ష పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఒక్కో ఊళ్లో ఇళ్లను చీటీలు వేసి రెండు సగాలుగా చేయాలి. ఒక సగానికి ‘కొట్టొచ్చా?’ అని అడగాలి. రెండో సగానికి, ‘ఊరి సంగతి కాదు, మీ మనసులో మాట చెప్పండి. అలా కొడితే తప్పు లేదంటారా, తప్పే అంటారా?’ అని అడగాలి. తప్పు, తప్పులేదు అన్న జంట మన పల్లెల్లోనూ పట్నాల్లోనూ, తెలంగాణలోనూ రాయలసీమలోనూ ఒకేలా చెల్లుతుంది. రెండు వైపులా సమానంగా తెరిచి అడగడం వల్ల ‘న్యాయమేనా’లో ఉన్న నిలదీతా పోతుంది. అంకె 80 నుంచి 70కి దిగుతుందా అన్నది తేల్చాలంటే ఒక్కో సగంలో సుమారు మూడు వందల మంది కావాలి. ఒకే ఊరివాళ్ల జవాబులు ఒకేలా ఉంటాయి కనుక ఆ సంఖ్యను రెట్టింపు చేసుకోవడం క్షేమం. లక్షల ఇళ్లు తిరిగే సర్వేకు ఈ పన్నెండు వందల ఇళ్లు ఒక లెక్కలోవి కావు.

అయినా ఈ పరీక్ష ఎందుకు జరగదంటే, అనువాదం సరిచూసే అలవాటైన పద్ధతికి ఈ తప్పు దొరకదు. బ్రిస్లిన్ 1970లో చెప్పినప్పటి నుంచి వాడుకలో ఉన్నది తిరుగు అనువాదం. ఒకరు తెలుగులోకి తెస్తారు, దాన్ని చూడని మరొకరు తిరిగి ఇంగ్లిష్‌లోకి మారుస్తారు, రెండు ఇంగ్లిష్ ప్రతులూ సరిపోలితే ముద్ర పడుతుంది. ‘కొట్టొచ్చా’ను తిరిగి మార్చేవాడు చదువుకున్నవాడు. సర్వేకు పని చేస్తున్నానని ఎరిగినవాడు. అనుమతి అర్థంలోనే మారుస్తాడు. ముద్ర పడిపోతుంది. ఐరోపా సామాజిక సర్వే కోసం జానెట్ హార్క్‌నెస్ రూపొందించిన పద్ధతి ఇంతకన్నా మేలు. ఇద్దరు వేర్వేరుగా అనువదిస్తారు, అందరూ కూర్చుని వాదించుకుంటారు, ఒకరు తీర్పు చెబుతారు, క్షేత్రంలో పరీక్షిస్తారు, ఏ మాట ఎందుకు వదిలేశారో రాసిపెడతారు. ఆ చివరి పనే మన దగ్గర అసలు జరగదు. పదేళ్ల కిందట ఒక మాట ఎందుకు ఎంచుకున్నారో చెప్పే కాగితం ఎక్కడా దొరకదు.

మరో చోట చేయి పెట్టి చూపి ముగిస్తాను. కుటుంబ ఆరోగ్య సర్వేలో భర్త నిజంగా కొట్టాడా అని అడిగే భాగం ఇంకా సున్నితమైనది. ఇంటికొకరినే అడగాలి, గదిలో మూడో మనిషి ఉండకూడదు, ఉంటే అడగడం మానుకోవాలి అన్న నియమాలు ఉన్నాయి. మాట విషయంలో ఒక నియమం పెట్టారు. ‘హింస’ అనే ముద్ర వేయకుండా చేసిన పనులను ఒక్కొక్కటిగా అడగాలి: తోశాడా, చెంప మీద కొట్టాడా, చెయ్యి మెలిపెట్టాడా, తన్నాడా. తెలుగులో ఈ తెలివి మరీ అవసరం. ‘హింసించాడా’ అంటే సిగరెట్‌తో కాల్చితే తప్ప చాలామంది అవుననరు. ‘చెయ్యి చేసుకున్నాడా’ అని మన భాషే ఇచ్చిన మెత్తటి మాట ఒకటి ఉంది. సిగ్గుపడే మనిషి చేత నోరు విప్పించడానికి అది మంచి తలుపు. కాని అది చెంపదెబ్బ దగ్గర ఆగిపోతుంది, తన్నును లోపలికి రానివ్వదు. కాబట్టి దాన్ని మొదట వాడి, తర్వాత ఒక్కో పనినీ దాని పేరుతోనే అడగాలి. గత పన్నెండు నెలలంటే ఎవరికీ తోచదు, ‘కిందటేడు ఇదే నెల నుంచి’ అనో, దగ్గర పండుగ పేరు చెప్పో హద్దు చూపాలి. అంతా సరిగ్గా చేసి, చివర మెట్ల కార్డులో ‘ఎప్పుడూ’ అని పెడితే మొదటికొస్తాం.

ఆయన పెన్సిల్ రాతల సంగతి చెబుతానన్నాను. కాగితపు ప్రశ్నపత్రాల కాలంలో ఇన్వెస్టిగేటర్లు జవాబు చెప్పిన మనిషి మాటలను ఒక్కోసారి పక్క అంచులో రాసేవారు. ఆయన రాత్రిపూట వాటిని చూసి, గడిలో పెట్టిన గీటుకూ అంచులో రాసిన మాటకూ పొత్తు కుదరనిచోట పెన్సిల్‌తో చుక్క పెట్టేవారు. అలాంటి చుక్కలున్న ఒక పేజీ నా దగ్గర ఉంది. కొట్టడం గురించిన ప్రశ్న ఎదురుగా గడిలో ‘1’ అని ఉంది. అంచులో ఇన్వెస్టిగేటర్ చేతిరాతలో ‘కొట్టక ముద్దు పెట్టుకుంటడా అన్నది’ అని ఉంది. దాని కింద పెద్దాయన పెన్సిల్‌తో రాసినది రెండు మాటలే: ‘కోడ్ లేదు.’ 2015–16 నాటి నాలుగో కుటుంబ ఆరోగ్య సర్వే చిన్న నోట్‌బుక్ కంప్యూటర్ల మీద జరిగింది. ఇప్పుడు ఇన్వెస్టిగేటర్ చేతిలో ఉన్న తెర మీద గడులే ఉన్నాయి, అంచు లేదు.